మీటింగులో తిట్టు: ఏది నేరం, ఏది మోటుతనం? (సెక్షన్ 352 గురించి సందేహం)

బెజవాడ_కార్యదర్శి

అందరికీ నమస్కారం. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక మా అపార్ట్‌మెంటు సంఘానికి నేను కార్యదర్శిగా ఉంటున్నాను. మొన్న ఆదివారం సెల్లారులో జరిగిన సర్వసభ్య సమావేశంలో, జనరేటరు మరమ్మతు ఖర్చు మీద చర్చ సాగుతుండగా, ఒక ఫ్లాటు యజమాని లేచి అందరి ముందూ నన్ను మూడు మాటలు అన్నాడు. మొదటిది, "నీకు సిగ్గుందా, ఇంత వయసొచ్చి ఏం లాభం?" రెండోది, "మెయింటెనెన్సు డబ్బులో సగం నువ్వే తిన్నావు." మూడోది, కుర్చీ వెనక్కి నెట్టి నా మీదికి వస్తూ, "దమ్ముంటే బయటికి రా, ఇక్కడే తేల్చుకుందాం." పక్కనున్న వాళ్లు అతణ్ణి పట్టుకుని కూర్చోబెట్టారు. నేను మారు మాట్లాడకుండా మినిట్సు పుస్తకం మూసి ఇంటికి వచ్చేశాను.

మర్నాడు స్టేషనుకు వెళితే, నా అర్జీ తీసుకుని, దీని మీద తాము నేరుగా కేసు కట్టలేమనీ కోర్టుకు వెళ్లమనీ చెప్పారు. నలుగురిలో ఒక మనిషిని ఇంత మాట అంటే చట్టానికి పట్టదా అన్నదే నా ప్రశ్న. తెలిసినవారు చెప్పగలరు.

గోదావరి_గట్టు

ఎందుకు పట్టదండీ? పాత శిక్షాస్మృతిలో 504, కొత్త న్యాయ సంహితలో 352. బహిరంగంగా ఎవరిని ఎవరు తిట్టినా రెండేళ్ల వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ వేయవచ్చు. స్టేషనులో కేసు కట్టనంటే ఎస్పీ గారికి రిజిస్టర్డు పోస్టులో పంపండి, వాళ్లే దిగివస్తారు. మా బావమరిది విషయంలో అలాగే జరిగింది.

పాత_పీపీ

గోదావరి_గట్టు గారు చెప్పిన శిక్ష సరైనదే కానీ, మిగతాది సరికాదు. ఆ సెక్షను తిట్టును శిక్షించదు. ఉద్దేశపూర్వకంగా అవమానించి, ఆ అవమానంతో అవతలి మనిషిని రెచ్చగొట్టి, అలా రెచ్చిపోయి అతడు ప్రజాశాంతికి భంగం కలిగించాలనో మరేదైనా నేరం చేయాలనో కోరుకుని గానీ, అలా జరగవచ్చని తెలిసి గానీ అన్న మాటను మాత్రమే శిక్షిస్తుంది. ఆ వాక్యంలో బరువంతా చివరి భాగం మీదే ఉంది. 1860 నాటి శిక్షాస్మృతిలో దీన్ని రాసినవారి ఆందోళన మనిషి మనసు నొచ్చుకోవడం గురించి కాదు, నొచ్చుకున్న మనిషి కర్ర అందుకోవడం గురించి. కొత్త సంహితలో అంకె మారింది గానీ ఆ దృష్టి మారలేదు.

ఇక పోలీసుల సంగతి. ఇది వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరాల జాబితాలో లేదు, పైగా బెయిలు ఇవ్వదగినది, ఇరుపక్షాలూ రాజీపడదగినది. ఇలాంటి నేరాన్ని మేజిస్ట్రేటు ఉత్తరువు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయకూడదు. అర్జీ సారాంశం స్టేషను పుస్తకంలో రాసుకుని మిమ్మల్ని మేజిస్ట్రేటు దగ్గరికి పంపడమే వారి విధి. కాబట్టి ఎస్పీకి పోస్టు పంపినందువల్ల ఈ ఒక్క సెక్షనుతో కేసు కట్టించడం కుదరదు. బావమరిది గారి అర్జీలో కొట్టడమో, అడ్డగించడమో, మరొకటో తోడై ఉంటుంది.

కార్యదర్శి గారూ, మీరు మూడు మాటలను విడివిడిగా రాశారు, అది మంచి పని. ఆ మూడింటినీ చట్టం మూడు వేరు వేరు కళ్లతో చూస్తుంది. సాయంత్రం వీలు చూసుకుని వివరంగా రాస్తాను.

సికింద్రాబాద్_ఉద్యోగిని

దాదాపు ఇలాంటి అనుభవమే నాకూ ఉంది కాబట్టి అడుగుతున్నాను. మా పై అధికారి తన గదిలోకి పిలిచి, తలుపు తెరిచే ఉండగా, గట్టిగా అరుస్తూ, "మీకు పని రాదు, జీతం దండగ" అన్నారు. బయట ఇద్దరు గుమాస్తాలు విన్నారు. ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. ఇది 352 కిందికి వస్తుందా? వస్తుందంటే రేపే ఫిర్యాదు ఇవ్వాలనుకుంటున్నాను.

కోర్టు_గుమ్మం

మేడమ్, మీరు ఆగి ఒక తీర్పు చదవడం మంచిది. అది మీ ఊరి నుంచే వెళ్లిన కేసు. సికింద్రాబాదులోని ఒక జాతీయ సంస్థలో అసిస్టెంటు ప్రొఫెసరుగా ఉన్న ఒకావిడ తన డైరెక్టరు మీద పై వారికి ఫిర్యాదులు చేశారు. 2022 ఫిబ్రవరిలో ఆయన ఆమెను గదికి పిలిపించి, ఆ ఫిర్యాదుల విషయంలో గట్టిగా మందలించారని కేసు. అప్పుడే ఆమె కోవిడ్ నుంచి కోలుకుంటున్నారు. పోలీసులు ఛార్జిషీటు వేశారు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టివేయడానికి ఒప్పుకోలేదు. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మొత్తం కేసును రద్దు చేసింది.

తీర్పులోని తర్కం మీకు నచ్చకపోవచ్చు గానీ తెలిసి ఉండాలి. వట్టి దూషణ, అమర్యాద, మోటుతనం, పొగరు అన్నవి వాటంతట అవే ఈ సెక్షను కింద అవమానం కావనీ, శాంతిభంగానికి పురికొల్పే స్వభావం వాటిలో ఉండాలనీ అంటూ, పై అధికారి పని విషయంలో కింది ఉద్యోగిని మందలించడాన్ని నేరంగా మారిస్తే కార్యాలయంలో క్రమశిక్షణ నిలవదని కోర్టు చెప్పింది. మీ అధికారి అన్నది పని గురించిన మాట, పని చోట, పని వేళ అన్న మాట. ఆ మాటలో ఇంకేమీ లేకపోతే కేసు నిలవదు.

సికింద్రాబాద్_ఉద్యోగిని

అంటే కుర్చీ పెద్దదైతే నోరు ఎంతైనా పారేసుకోవచ్చన్నమాట.

పాత_పీపీ

అలా కాదమ్మా. ఆ తీర్పు మందలింపును కాపాడింది, అధికారి నోటిని కాదు. అదే గదిలో అదే అధికారి మీ పనిని వదిలేసి మీ నడవడిక గురించో, శరీరం గురించో, కులం గురించో మాట్లాడి ఉంటే, పని విషయం అన్న రక్షణ అక్కడితో పోతుంది. అప్పుడు ఏ సెక్షను వర్తిస్తుందన్నది ఆ మాటను బట్టి తేలుతుంది. స్త్రీ గౌరవాన్ని కించపరిచే మాటలకు 79 విడిగా ఉంది. దానికి శాంతిభంగంతో నిమిత్తం లేదు. మీరు చెప్పిన రెండు వాక్యాల్లో అలాంటిదేమీ లేదు. కార్యాలయం లోపలి ఫిర్యాదు మార్గం వేరే విషయం, అది మీకు తెరిచే ఉంది.

ఇక కార్యదర్శి గారి మూడు మాటలు.

"సిగ్గుందా, వయసొచ్చి ఏం లాభం" అన్నది మొదటిది. మేనమామ మేనల్లుణ్ణి రోజూ అనే మాట ఇది. ముక్కూ మొహం తెలియని వాడు సభలో ఒక పెద్దాయనను అన్నప్పుడు మొరటుగా ఉంటుంది, నిజమే. కానీ మామూలు ఓర్పు ఉన్న మనిషి ఈ మాటకు లేచి కొట్లాటకు దిగుతాడని ఏ మేజిస్ట్రేటూ అనుకోడు. ఇంకో సంగతి కూడా ఉంది. మామూలు ఇంగితం, మామూలు ఓర్పు ఉన్న మనిషి ఫిర్యాదు చేయనంత స్వల్పమైన హాని నేరమే కాదని సంహితలో 33వ సెక్షను చెబుతుంది. పాతదానిలో అది 95. కోర్టులు దీన్ని తరచుగా పేరెత్తి ప్రయోగించవు గానీ, వట్టి మోటుతనాన్ని గుమ్మం దగ్గరే ఆపేది ఇలాంటి దృష్టే.

మూడో మాటను ముందు చూద్దాం, ఎందుకంటే 352కు దగ్గరగా వచ్చేది అదే. "దమ్ముంటే బయటికి రా" అన్నది పదాల లెక్కలో మూడింటిలోనూ మర్యాదగా ఉన్న మాట. అందులో తిట్టు లేదు. అయినా కుర్చీ నెట్టి, మీదికి వస్తూ, చుట్టూ జనం చూస్తుండగా, వెనక్కి తగ్గితే పిరికివాడనిపించుకునేలా అన్నప్పుడు అది నేరుగా కొట్లాటకు పిలుపు. పదం కంటే సందర్భం బరువైనదనడానికి మీ సభలోనే ఉదాహరణ ఉంది: ఘాటుగా వినిపించే మొదటి మాటకు చట్టంలో బరువు తక్కువ, తిట్టే లేని మూడో మాటకు ఎక్కువ.

2013లో మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఏమేం చూడాలో చెప్పింది: మాటల వెనకున్న నేపథ్యం, అన్న సందర్భం, అన్న తీరు, ఎవరిని ఉద్దేశించి అన్నారు, ఎప్పుడు అన్నారు, అన్నవాడి నడత. ఫిర్యాదులో అన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా ఉండి తీరాలని లేదని కూడా అదే తీర్పు చెప్పింది. రెండో మాట గురించి రేపు రాస్తాను, అది కాస్త చిక్కుది.

బెజవాడ_కార్యదర్శి

పీపీ గారూ, ధన్యవాదాలు. ఒక సందేహం. నేను ఆ క్షణంలో ఏమీ అనలేదు, లేవనైనా లేవలేదు. శాంతికి భంగం ఏదీ కలగలేదు కదా. నా ఓర్పే నా కేసును చెడగొట్టిందా?

గోదావరి_గట్టు

అదే నా అనుమానం కూడా. కొట్లాట జరగకపోతే రెచ్చగొట్టడం ఎక్కడిది? మీరు కూడా నాలుగు మాటలు అని ఉండాల్సింది.

కోర్టు_గుమ్మం

మీరు నాలుగు మాటలు అని ఉంటే ఇప్పుడు ఎదురు కేసులో ముద్దాయిగా కూడా ఉండేవారు. ఓర్పు మీ కేసుకు అడ్డు కాదు. ఆ దూషణ ప్రభావం మామూలు పరిస్థితుల్లో ఎలా ఉంటుందో చూడాలి గానీ, ఫిర్యాదుదారు తన చల్లని స్వభావం వల్లనో క్రమశిక్షణ వల్లనో ఏం చేశాడన్నది కొలత కాదని కోర్టులు చాలాకాలంగా చెబుతున్నాయి. 2023లో ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు మళ్లీ అదే అంది. అయితే అదే కొలత రెండో వైపు కూడా కోస్తుంది. ముక్కు మీద కోపం ఉన్నవాడు చిన్న మాటకే చెయ్యి చేసుకున్నాడని ఆ చిన్న మాట నేరమైపోదు.

నాకున్న అసంతృప్తి ఏమిటంటే, ఆ "మామూలు మనిషి" ఎవరన్నది రాతలో ఉన్నంత సులభంగా తేలదు. ఒకే జిల్లాలో రెండు కోర్టుల్లో ఒకే రకం ఫిర్యాదు మీద ఒకచోట సమన్లు రావడం, మరొకచోట తిరస్కరించడం నేను చూశాను. ఫిర్యాదు రాసే తీరు కూడా కారణమే. మన దగ్గర రాయసగాళ్లందరికీ ఒకే వాక్యం అలవాటు: "రాయుటకు వీలులేని అసభ్య పదజాలముతో దూషించెను." ఆ వాక్యం చదివిన మేజిస్ట్రేటుకు అన్న మాట తెలియదు, అన్న తీరూ తెలియదు. మాటలు అక్షరాలా ఉండక్కర్లేదని తీర్పు ఉన్నా, సందర్భాన్ని కూడా మింగేసే అలాంటి వాక్యాన్ని అది కాపాడలేదు.

ఫ్రాంక్‌ఫర్ట్_తెలుగు

ఆసక్తికరంగా ఉంది, ఎందుకంటే నేనుండే జర్మనీలో లెక్క దాదాపు తలకిందులుగా ఉంటుంది. ఇక్కడ శిక్షాస్మృతిలోని 185వ సెక్షను అవమానాన్ని అవమానంగానే శిక్షిస్తుంది. కొట్లాట జరిగే అవకాశం ఉందా లేదా అని ఎవరూ అడగరు. కాపాడేది మనిషి గౌరవాన్ని. ఏడాది వరకు, బహిరంగంగా అంటే రెండేళ్ల వరకు జైలు ఉండవచ్చు గానీ, సాధారణంగా జరిమానాతో ముగుస్తుంది. ట్రాఫిక్‌లో పక్క కారువాడికి మధ్యవేలు చూపించి జరిమానా కట్టినవారు నాకే తెలుసు. బాధితుడు తనకు తెలిసిన నాటి నుంచి 3 నెలల లోపు కోరితేనే కేసు నడుస్తుంది. ఒకరినొకరు అక్కడికక్కడే తిట్టుకుంటే ఇద్దరినీ గానీ ఒకరిని గానీ శిక్ష లేకుండా వదిలేసే అధికారం జడ్జికి ఉంది.

అలాగని ఇక్కడ పదాల పట్టిక పెట్టుకుని శిక్షిస్తారనుకోకండి. "సైనికులు హంతకులు" అని పోస్టర్లు రాసినవారికీ కరపత్రాలు పంచినవారికీ కింది కోర్టులు శిక్ష వేస్తే, 1995లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పులను పక్కన పెట్టింది. ఆ మాట ఫలానా సైనికులను ఉద్దేశించినదా, లేక యుద్ధం అన్నదాని మీదే అభిప్రాయమా అని చూడకుండా, మాటకు ఒకే అర్థం అంటగట్టి శిక్షించడం కుదరదన్నది దాని సారాంశం. కార్యదర్శి గారి మొదటి మాట ఇక్కడైతే కనీసం విచారణకు అర్హమయ్యేదని నా అంచనా.

పాత_పీపీ

ఫ్రాంక్‌ఫర్ట్ గారి పోలిక చాలా ఉపయోగపడుతుంది. చట్టం దేన్ని కాపాడుతోందో చూస్తే, అది ఏ సందర్భాన్ని వెతుకుతుందో తెలుస్తుంది. అక్కడ గౌరవాన్ని కాపాడుతుంది కాబట్టి, మాట ఎవరిని తాకిందన్నది చూస్తారు. మన 352 శాంతిని కాపాడుతుంది కాబట్టి, మాట తర్వాత ఏం జరగవచ్చన్నది చూస్తారు. కార్యదర్శి గారి రెండో మాట విషయంలో మన చట్టమే కాపాడేది మూడోదాన్ని, నలుగురిలో మనిషికున్న పేరును.

"మెయింటెనెన్సు డబ్బులో సగం తిన్నావు" అన్నది తిట్టు కాదు, ఆరోపణ. నిజమో అబద్ధమో తేల్చదగిన విషయం అందులో ఉంది. "సిగ్గుందా" అన్నదానికి సాక్ష్యం ఉండదు, "డబ్బు తిన్నావు" అన్నదానికి పాసుపుస్తకం ఉంటుంది. ఇది పరువునష్టం దారి, అంటే 356. దీనికి కొట్లాట అవసరం లేదు, గొంతు పెంచడం అవసరం లేదు, మీ ముఖం మీద అనాల్సిన పని కూడా లేదు. మీ పేరు చెడుతుందని తెలిసి, మీరు కాక మరొకరు వినేలా అంటే చాలు. మీరిద్దరే ఉన్న గదిలో అని ఉంటే ఇది పరువునష్టం కాదు. సభలో అందరూ విన్నారు కాబట్టి ఆ మెట్టు దాటినట్టే.

చిక్కు ఎక్కడంటే మినహాయింపుల్లో. తన ప్రయోజనాన్నో ఇతరుల ప్రయోజనాన్నో కాపాడుకోవడానికి సద్భావంతో అన్న మాట పరువునష్టం కాదని తొమ్మిదో మినహాయింపు. అతడు ఆ సంఘంలో సభ్యుడు, నెలనెలా డబ్బు కడుతున్నాడు, లెక్కల మీద చర్చ జరుగుతున్న సభలోనే అన్నాడు. ఇదే మాట అతడు మీ వియ్యంకుల ఇంటికి వెళ్లి చెప్పి ఉంటే ఈ రక్షణ గురించి ఆలోచించాల్సిన పనే లేదు. సభలో అన్నాడు కాబట్టి మాట అన్న చోటు మీ కేసును ఒకవైపు బలపరుస్తూనే, మరోవైపు అతడికీ ఒక అడ్డు ఇస్తోంది. అయితే చట్టంలో సద్భావం అంటే మంచి మనసు కాదు, తగిన జాగ్రత్త. అతడు లెక్కలు అడిగాడా, చూశాడా, చూడకుండానే అన్నాడా? అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను: లెక్కలు సభ్యులకు అందుబాటులో ఉన్నాయా?

బెజవాడ_కార్యదర్శి

గత రెండు త్రైమాసికాల లెక్కలు నోటీసు బోర్డులో పెట్టాము. బిల్లులు ఫైలులో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. జనరేటరు మరమ్మతు జరిగిన త్రైమాసికం ఆడిటరు దగ్గర ఉంది, ఇంకా రాలేదు. అతడు గతంలో లెక్కలు అడిగినట్టు కాగితం మీద ఏమీ లేదు. నోటితో వాచ్‌మన్‌ను అడిగాడట, నాకు మాత్రం తెలియదు.

పాత_పీపీ

అయితే అతడి తరఫు వకీలు ఆ ఆడిటరు దగ్గరున్న త్రైమాసికాన్నే పట్టుకుంటాడు. మీ వకీలు నోటీసు బోర్డును పట్టుకుంటాడు. "సగం" అన్న మాట కూడా చర్చకు వస్తుంది, ఎందుకంటే ఖర్చు ఎక్కువైందని అనుమానపడటం వేరు, సగం తిన్నావని తేల్చి చెప్పడం వేరు. ఇది ఫలానా విధంగా తేలుతుందని నేను చెప్పలేను.

పరువునష్టం నేరానికి కూడా పోలీసు కేసు ఉండదు, బాధితుడే మేజిస్ట్రేటుకు ఫిర్యాదు ఇవ్వాలి. మిమ్మల్నీ, మీ సాక్షులనూ ప్రమాణం చేయించి విచారిస్తారు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న కొత్త విధానంలో ఒక మార్పు ఉంది. కేసును స్వీకరించే ముందే ఎదుటివాడికి తన మాట వినిపించుకునే అవకాశం ఇవ్వాలి. అందువల్ల వట్టి మోటుతనం మీద వేసిన ఫిర్యాదులు ఇక ముందు మొదటి మెట్టులోనే ఆగిపోయే అవకాశం ఎక్కువ. క్రిమినల్ ఫిర్యాదు వద్దనుకుని సివిల్ కోర్టులో నష్టపరిహారం అడగాలనుకుంటే, గడువు ఏడాదే.

పల్నాటి_పాఠకుడు

చర్చ శ్రద్ధగా చదువుతున్నాను. నాకు జరిగినదాన్ని ఎక్కడ పెట్టాలో చెప్పండి. నేను ఎస్సీని. ఒక పెద్దమనిషి తన ఆఫీసు గదిలో, తలుపు వేసి ఉండగా, నన్ను కులం పేరుతో తిట్టాడు. గదిలో మేమిద్దరమే ఉన్నాము. బయటికి వచ్చాక నేను ఏడుస్తూ చెబితే విన్నవారు ఉన్నారు. అట్రాసిటీ చట్టం కింద ఫిర్యాదు ఇస్తే, నలుగురు చూసే చోటు కాదు కాబట్టి నిలవదన్నారు. మీ సభలో "సిగ్గుందా" అన్నదానికంటే నాకు అన్న మాట ఎన్నో రెట్లు బరువైనది కదా.

కోర్టు_గుమ్మం

మాట బరువు గురించి మీతో వాదించేవారెవరూ ఉండరు. ఆ చట్టం 3వ సెక్షనులో కించపరిచే ఉద్దేశంతో అవమానించడానికీ, కులం పేరుతో దూషించడానికీ రెండు వేరు వేరు నిబంధనలున్నాయి. ఆరు నెలలకు తగ్గని శిక్ష, ఐదేళ్ల వరకు. రెండింటిలోనూ ఒకే షరతు ఉంది: ప్రజల కంటికి కనిపించే చోట జరిగి ఉండాలి. ఆ చోటు బహిరంగ స్థలమే కానక్కర్లేదు. 2008 నాటి ఒక కేసులో ఇంటి గేటు దగ్గర, కారు పక్కన నిలబడ్డ మనిషిని అన్నారు. స్థలం ప్రైవేటుదే అయినా దారిన పోయేవారికి కనిపిస్తుంది కాబట్టి చాలునని సుప్రీంకోర్టు అంది. నాలుగు గోడల మధ్య, బయటివారెవరూ లేనప్పుడు జరిగితే కాదని 2020లో ఉత్తరాఖండ్ కేసులో చెప్పింది. 2025 జనవరిలో తమిళనాడు రెవెన్యూ కార్యాలయం గదిలో జరిగిన ఘటన మీదా అదే అంది. అక్కడ తోటి ఉద్యోగులు తర్వాత వచ్చారు. అన్న క్షణంలో ఉన్నవారు లెక్కకు వస్తారు గానీ, తర్వాత విన్నవారు రారు.

మీ కేసులో ఆ షరతు అడ్డు వస్తుంది. బెదిరింపు ఉంటే, చెయ్యి చేసుకుని ఉంటే దారులు వేరే ఉన్నాయి. ఆ సమయంలో గుమస్తా ఎవరైనా లోపలికి వచ్చారా, తలుపు అద్దం తలుపా అన్న వివరాలు మీ వకీలుకు తప్పక చెప్పండి. ఇక్కడ చిన్న వివరాలే కేసును నిలబెడతాయి.

పల్నాటి_పాఠకుడు

తలుపు చెక్కదే. మనిషిని నిజంగా తుంచేసే మాటలు ఎప్పుడూ తలుపు వేసుకునే అంటారు, చట్టం మాత్రం తలుపు తీసి అన్నవాడినే పట్టుకుంటుంది.

పాత_పీపీ

మీరు అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. ఆ షరతు చట్టసభ రాసింది. దాన్ని సడలించాలా అన్నది కోర్టు గదిలో తేలే విషయం కాదు. ఫ్రాంక్‌ఫర్ట్ గారు చెప్పిన పద్ధతిలో అయితే మీ గదికి తలుపు ఉందా అన్న ప్రశ్నే మొదట రాదు.

గోదావరి_గట్టు

నాకు ఇప్పుడు అర్థమైంది, మా బావమరిది అర్జీలో దారి అడ్డగించిన సంగతి కూడా ఉంది. అది సరే, ఇంకో ప్రశ్న. కార్యదర్శి గారి మీద ఆ మనిషి మళ్లీ అదే మాటలు అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో రాశాడనుకోండి. అప్పుడు?

బెజవాడ_కార్యదర్శి

అనుకోవడం ఏమిటండీ, నిన్న రాత్రి రాశాడు. "డబ్బు తిన్నవాళ్లు నోరు మూసుకుని ఉండాలి" అని. పేరు పెట్టలేదు. అర్ధగంటలో డిలీట్ చేశాడు గానీ, అప్పటికే చాలామంది చూశారు. నా దగ్గర స్క్రీన్‌షాట్ ఉంది.

కోర్టు_గుమ్మం

పరువునష్టం మట్టుకు పేరు లేకపోయినా ఫరవాలేదు. ఆదివారం జరిగిన సభ చూసినవారందరికీ అది ఎవరి గురించో తెలుసు. గ్రూపులో ఉన్నవారికి చేరింది కాబట్టి ప్రచురణ అయినట్టే. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు, ఫోను భద్రంగా ఉంచుకోండి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన ధ్రువపత్రం వకీలు తయారు చేయిస్తారు.

352 మాత్రం నిలవదని నా అభిప్రాయం. మీరు ఇంట్లో మంచం మీద కూర్చుని చదివిన మాట మిమ్మల్ని అక్కడికక్కడే కొట్లాటకు దింపుతుందని ఎలా అంటాం? ఎదురుగా నిలబడి అన్నప్పుడుండే వేడి అందులో ఉండదు.

పాత_పీపీ

ఇక్కడ నేను మీతో ఏకీభవించను. చట్టంలో ఉన్నది "ఏ విధంగానైనా" అవమానించడం అని, ఎదురుగా నిలబడి అని కాదు. అదే మెట్ల మీద రోజుకు నాలుగుసార్లు ఎదురుపడే ఇద్దరి మధ్య, ఆదివారం అంత గొడవ అయిన తర్వాత, పొరుగువారందరూ చూసే చోట రాసిన మాట. మెట్ల దగ్గర కలిసినప్పుడు ఏం జరుగుతుందో రాసినవాడికి తెలియదని నేను అనుకోను. దూరదేశంలో ఉన్న వాడు రాసి ఉంటే మీరన్నదానితో ఏకీభవించేవాణ్ణి.

కోర్టు_గుమ్మం

అలా చూస్తే పక్కపక్క ఇళ్లవాళ్లు రాసుకునే ప్రతి మాటా 352 అవుతుంది సార్. ఆ మాటకు, మెట్ల మీద కొట్లాటకు మధ్య ఒక రాత్రి ఉంది. మామూలు మనిషికి ఆ రాత్రి చాలు.

పాత_పీపీ

చాలదన్న మనుషులను ముప్పై ఏళ్లు బోనులో చూశాను. సరే, ఇది మీ మేజిస్ట్రేటు గారే చెప్పాలి.

కార్యదర్శి గారూ, కోర్టుకు వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. వెళితే రెండో మాటనూ, గ్రూపులో రాసినదాన్నీ కలిపి పరువునష్టంగా ముందు పెట్టండి. మూడో మాటను అతడు కుర్చీ నెట్టిన వివరంతో సహా 352 కింద చేర్చండి. మొదటి మాటను నేపథ్యంగా ఒక వాక్యంలో చెప్పి వదిలేయండి, దాన్ని నేరమని వాదిస్తే మిగతా రెండూ పలచబడతాయి. అతణ్ణి పట్టుకుని కూర్చోబెట్టిన వారిలో ఇద్దరిని, ఎవరి మాటలు వారివే ఉండేలా, ఇప్పుడే విడివిడిగా కాగితం మీద రాసి పెట్టుకోమనండి. ఆడిటరు దగ్గరి నుంచి ఆ మూడో త్రైమాసికం లెక్క రాకముందు మాత్రం ఏదీ దాఖలు చేయకండి.

బెజవాడ_కార్యదర్శి

ఆడిటరు గారికి ఇప్పుడే ఫోను చేశాను. వచ్చే వారం ఇస్తానన్నారు. పట్టుకున్నవారిలో ఒకరు రాసిస్తానన్నారు, రెండోవారు మాత్రం ఇరుగుపొరుగు వ్యవహారంలో తనను లాగవద్దంటున్నారు.

కోర్టు_గుమ్మం

రానివారిని బతిమాలకండి, కోర్టు సమను పంపించి పిలిపించుకోవచ్చు. సెల్లారులో సీసీ కెమెరా ఉందా? ఉంటే ముందు ఆ ఫుటేజీ తీసి పెట్టుకోండి. మాట వినిపించకపోయినా కుర్చీ నెట్టడం కనిపిస్తుంది. చాలా పరికరాల్లో పాతది కొన్ని వారాల్లోనే చెరిగిపోతుంది.